రెండు వరుసల మధ్య తేడా: సబ్‌గ్రూప్ ఫారెస్ట్ ప్లాట్ గీయడం, దాని గురించి ఆచితూచి రాయడం

(పరిశోధన వ్యాసాలు రాయడం నేర్చుకుంటున్న వైద్య విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒకే ఒక ట్రయల్‌ని తీసుకుందాం. అందులోనూ ఫారెస్ట్ ప్లాట్‌లోని రెండే రెండు వరుసల దగ్గర ఎక్కువసేపు కూర్చుందాం. ఆ రెండు వరుసల్ని సరిగ్గా గీసి, వాటి గురించి నాలుగు వాక్యాలు నిజాయతీగా రాయగలిగితే, మిగతా వరుసలకీ అదే పద్ధతి సరిపోతుంది.

ట్రయల్ పేరు డాపా-హెచ్‌ఎఫ్. 2019లో ఫలితాలు వచ్చాయి. హార్ట్ ఫెయిల్యూర్ ఉండి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతమో అంతకన్నా తక్కువో ఉన్న 4,744 మందిలో సగం మందికి డాపాగ్లిఫ్లోజిన్, సగం మందికి ప్లాసిబో ఇచ్చారు. గుండె జబ్బుతో చనిపోవడం, లేదా హార్ట్ ఫెయిల్యూర్ ముదిరి ఆసుపత్రిలో చేరడం, లేదా అర్జెంటుగా వచ్చి సిరలోకి మందు ఎక్కించుకోవాల్సి రావడం: వీటిలో ఏది ముందు జరిగితే అది ప్రధాన ఫలితం. మందు తీసుకున్న 2,373 మందిలో 386 మందికి, ప్లాసిబో తీసుకున్న 2,371 మందిలో 502 మందికి ఇది జరిగింది. హజార్డ్ రేషియో 0.74. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.65 నుంచి 0.85. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

ఇప్పుడు సబ్‌గ్రూపులు. ఎన్‌వైహెచ్‌ఏ క్లాస్, అంటే రోగికి ఆయాసం ఎంత పనితో వస్తోంది అన్న కొలత. దాన్ని బట్టి విడదీస్తే క్లాస్ 2 వాళ్లలో మందు వైపు 1,606 మందిలో 190, ప్లాసిబో వైపు 1,597 మందిలో 289. హజార్డ్ రేషియో 0.63, ఇంటర్వెల్ 0.52 నుంచి 0.75. క్లాస్ 3, 4 కలిపిన వరుసలో 767 మందిలో 196, 774 మందిలో 213. హజార్డ్ రేషియో 0.90, ఇంటర్వెల్ 0.74 నుంచి 1.09.

ఈ రెండు వరుసలు చూడగానే చాలామంది చేతికి వచ్చే వాక్యం ఒకటుంది: "క్లాస్ 2 రోగుల్లో మందు పనిచేసింది, క్లాస్ 3, 4 రోగుల్లో పనిచేయలేదు." ఈ వాక్యం ఎందుకు తప్పో, దాని స్థానంలో ఏం రాయాలో చెప్పడమే నా పని. ముందు బొమ్మ సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ తప్పు వాక్యం చాలాసార్లు బొమ్మ గీసిన తీరులోంచే పుడుతుంది.

ఫారెస్ట్ ప్లాట్‌లో ప్రతి వరుసకీ హజార్డ్ రేషియో దగ్గర ఒక చతురస్రం, ఇంటర్వెల్ పొడవునా ఒక అడ్డగీత ఉంటాయి. 1 దగ్గర ఒక నిలువు గీత ఉంటుంది. మందు ఉన్నా లేకపోయినా ఒకటే అని ఆ గీత అర్థం. బొమ్మలో ఆ ఒక్క గీతే ఉంటే చదివేవారి కన్ను ప్రతి వరుసనూ దానితోనే పోల్చుకుంటుంది. ఈ గీత దాటిందా, దాటలేదా? దాటకపోతే పాస్, దాటితే ఫెయిల్. కానీ సబ్‌గ్రూప్ బొమ్మ జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది కాదు. ట్రయల్ మొత్తంలో వచ్చిన ఫలితానికి ఈ వరుస ఎంత దూరంలో ఉంది, పక్క వరుసకి ఎంత దూరంలో ఉంది అన్నదే ప్రశ్న. అందుకని మొత్తం ఫలితం దగ్గర, ఇక్కడ 0.74 దగ్గర, ఇంకొక నిలువు గీత చుక్కలతో తప్పకుండా గీయండి. మొత్తం ఫలితం వరుసను పైనే పెట్టండి. కింద ఎక్కడో ఇరవయ్యో వరుసగా పెడితే కన్ను అక్కడికి చేరేలోపే తీర్పు ఇచ్చేస్తుంది.

ఆ చుక్కల గీత గీశాక చూడండి. క్లాస్ 3, 4 వరుస 0.74 నుంచి 1.09 వరకు ఉంది. 1 గీతనూ దాటింది, చుక్కల గీతనూ అంచుతో తాకింది. అంటే ఈ వరుస ఒక్కదాన్ని బట్టి "అసలు ప్రయోజనం లేదు" అన్నదాన్నీ కొట్టిపారేయలేం, "అందరికీ వచ్చినంత ప్రయోజనమే వీళ్లకీ ఉంది" అన్నదాన్నీ పూర్తిగా కొట్టిపారేయలేం. ఒక్క గీత ఉన్న బొమ్మలో మొదటి సంగతే కనిపించేది. రెండో గీత పడ్డాక రెండూ కనిపిస్తున్నాయి.

తర్వాత స్కేలు. హజార్డ్ రేషియోని లాగ్ స్కేలు మీదే గీయాలి. 0.5 అంటే ప్రమాదం సగమైంది, 2 అంటే రెట్టింపైంది. ఈ రెండూ 1 నుంచి సమాన దూరంలో ఉండాలి. మామూలు స్కేలు మీద 0.5 అర గడి దూరంలో, 2 పూర్తి గడి దూరంలో పడతాయి. దాంతో హాని వైపు గీతలు సాగిపోయి, మేలు వైపు గీతలు కుంచించుకుపోతాయి. గీత ఎడమ, కుడి చేతులు చతురస్రానికి సమాన దూరంలో లేకపోతే లాగ్ స్కేలు మరిచిపోయారని అర్థం. ఎవరి బొమ్మలోనైనా ఈ పొరపాటుని ఇలాగే పట్టుకోవచ్చు.

చతురస్రం పరిమాణం విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. తక్కువ సమాచారం ఉన్న సబ్‌గ్రూప్‌కి ఇంటర్వెల్ పొడుగ్గా ఉంటుంది. పొడుగు గీత కన్నుని లాగుతుంది. నమ్మదగని వరుసే ముందు కనబడుతుందన్నమాట. దానికి విరుగుడుగా, సమాచారం ఎక్కువున్న వరుసకి పెద్ద చతురస్రం ఇస్తాం. చతురస్రం వైశాల్యం స్టాండర్డ్ ఎర్రర్ వర్గానికి విలోమంగా ఉండాలి. అంటే భుజం స్టాండర్డ్ ఎర్రర్‌కి విలోమంగా ఉండాలి. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో `cex` అనేది భుజాన్ని పెంచుతుంది, వైశాల్యాన్ని కాదు. అక్కడ `1/se^2` ఇస్తే పెద్ద సబ్‌గ్రూపులు ఉండాల్సిన దానికన్నా ఎంతో పెద్దగా ఉబ్బిపోతాయి. `1/se` ఇవ్వాలి.

```r
hr <- c(0.74, 0.63, 0.90)
lo <- c(0.65, 0.52, 0.74)
hi <- c(0.85, 0.75, 1.09)
se <- (log(hi) - log(lo)) / 3.92
y  <- c(3, 2, 1)
plot(hr, y, log = "x", xlim = c(0.4, 1.6), ylim = c(0.5, 3.5),
     pch = 15, cex = 0.12 / se, yaxt = "n", ylab = "",
     xlab = "Hazard ratio")
segments(lo, y, hi, y)
abline(v = 1)
abline(v = 0.74, lty = 2)
```

పక్కన నిలువు వరుసల్లో ఏం పెట్టాలి? ప్రతి సబ్‌గ్రూప్‌కి రెండు వైపులా ఎంతమందిలో ఎంతమందికి ఫలితం జరిగింది, తర్వాత హజార్డ్ రేషియో, ఇంటర్వెల్. రోగుల సంఖ్య ఒక్కటే పెట్టి, ఫలితాల సంఖ్య వదిలేయడం సరికాదు. ఇలాంటి విశ్లేషణలో బలం వచ్చేది రోగుల సంఖ్య నుంచి కాదు, ఫలితాల సంఖ్య నుంచి. మన ట్రయల్‌లోనే చూడండి. క్లాస్ 3, 4 వాళ్లు మొత్తంలో మూడో వంతే, కానీ 888 ఫలితాల్లో 409 వాళ్లవే. అందుకే ఆ వరుస ఇంటర్వెల్ క్లాస్ 2 వరుస కన్నా మరీ పొడుగ్గా ఏమీ లేదు. మనుషుల సంఖ్య ఒక్కటే చూసినవాళ్లు అది చిన్న సబ్‌గ్రూప్ అనుకుని తేలిగ్గా తీసేస్తారు. ఇంకో సంగతి, క్లాస్ 4 వాళ్లు ఈ ట్రయల్‌లో సుమారు ఒక్క శాతమే. అందుకే వాళ్లని క్లాస్ 3తో కలిపారు. ఆ వరుస చూసి క్లాస్ 4 గురించి ఏ మాటా చెప్పకూడదు. అది నిజానికి క్లాస్ 3 వరుస.

వరుస వరుసకీ విడిగా పి విలువ మాత్రం పెట్టకండి. క్లాస్ 2 ఎదురుగా ఒకటి, క్లాస్ 3, 4 ఎదురుగా ఇంకొకటి పెడితే పాస్, ఫెయిల్ చదువుకి మీరే చీటీ రాసిచ్చినట్టు. పెట్టాల్సింది ఒక్కటే: "ఎన్‌వైహెచ్‌ఏ క్లాస్" అన్న శీర్షిక ఉన్న వరుసలో, రెండు సబ్‌గ్రూపుల తేడాకి సంబంధించిన ఇంటరాక్షన్ విలువ.

పాస్, ఫెయిల్ అన్నాను కాబట్టి ఆ ఉదాహరణే తీసుకుందాం. పదో తరగతిలో 35 మార్కులొస్తే పాస్, 34 వస్తే ఫెయిల్. ఒకడు పాసై ఒకడు తప్పాడని తెలిసినంత మాత్రాన వాళ్ల మధ్య తేడా ఒక్క మార్కా, అరవై మార్కులా చెప్పగలమా? తేడా కావాలంటే ఒకరి మార్కుల్లోంచి ఇంకొకరి మార్కులు తీసేయాలి. ఇక్కడా అంతే. ఒక సబ్‌గ్రూప్‌లో హజార్డ్ రేషియో 0.80, ఇంటర్వెల్ 0.68 నుంచి 0.94 అనుకోండి. ఇంకో సబ్‌గ్రూప్‌లో అదే 0.80, ఇంటర్వెల్ 0.60 నుంచి 1.07. ఒకటి గీత దాటలేదు, ఒకటి దాటింది. కానీ మందు ప్రభావంలో తేడా సున్నా! రెండో గుంపులో ఫలితాలు తక్కువగా ఉన్నాయి, అంతే.

కాబట్టి మన రెండు వరుసల్నీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేద్దాం. రోగుల డేటా మీ దగ్గరుంటే ఒకే కాక్స్ మోడల్‌లో `coxph(Surv(time, event) ~ arm * nyha)` అని రాసి, `arm:nyha` వరుస చదవాలి. రెండు సబ్‌గ్రూపులకీ విడివిడిగా మోడల్ నడిపి ఊరుకుంటే ఈ సంఖ్య దొరకదు. డేటా లేదు, అచ్చయిన వ్యాసం మాత్రమే ఉందంటే ఇంటర్వెల్ నుంచే లెక్క తీయొచ్చు. ఇంటర్వెల్ రెండు కొసల లాగ్‌లు తీసి, తేడాని 3.92తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ వస్తుంది.

```r
b   <- log(c(0.63, 0.90))
se  <- (log(c(0.75, 1.09)) - log(c(0.52, 0.74))) / 3.92
d   <- b[2] - b[1]
sed <- sqrt(sum(se^2))
exp(d + c(0, -1.96, 1.96) * sed)   # 1.43 1.09 1.86
2 * pnorm(-abs(d / sed))           # 0.009
```

రెండు హజార్డ్ రేషియోల నిష్పత్తి 1.43, ఇంటర్వెల్ 1.09 నుంచి 1.86, పి విలువ సుమారు 0.009. రెండు దశాంశాలకు కుదించిన అంకెల నుంచి తీసిన లెక్క కాబట్టి చివరి అంకె అటూ ఇటూ కావచ్చు. ఇంకో సంగతి గమనించండి: ఈ రెండు వరుసల ఇంటర్వెల్స్ 0.74, 0.75 దగ్గర కొంచెం ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అయినా పి విలువ ఇంత చిన్నది. "గీతలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి కాబట్టి తేడా లేదు" అనే కంటిచూపు నియమం కూడా పనికిరాదు.

సరే, 0.009 వచ్చింది. తేడా రుజువైపోయినట్టేనా? ఇక్కడే ఆగి ఆలోచించాలి. వయసు, లింగం, ప్రాంతం, షుగర్, కిడ్నీ పనితీరు, ఇలా ఒక బొమ్మలో 14 తరగతులు ఉన్నాయనుకుందాం. నిజానికి ఎక్కడా ఏ తేడా లేకపోయినా, 14 ఇంటరాక్షన్ పరీక్షల్లో కనీసం ఒకటైనా 0.05 కన్నా తక్కువ రావడానికి అవకాశం 51 శాతం. నాణెం ఎగరేసినట్టే. 0.009 అంత చిన్నది కనీసం ఒకటి రావడానికి అవకాశం 12 శాతం. తరగతులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్క. కానీ సంగతి అర్థమవుతోంది కదా: విడిగా చూస్తే వందలో ఒకటి కన్నా తక్కువ అనిపించింది, బొమ్మ మొత్తంలో ఎనిమిదింట ఒకటిగా మారింది. పట్టించుకోదగిన సంకేతమే, తీర్పు మాత్రం కాదు. అందుకే ఎన్ని సబ్‌గ్రూపులు చూశారో, వాటిలో ఎన్ని ముందే ప్రోటోకాల్‌లో రాసుకున్నవో మెథడ్స్‌లో సంఖ్యతో సహా చెప్పి తీరాలి. ఆ సంఖ్య లేకుండా చదివేవారు ఈ లెక్క వేసుకోలేరు.

అటువైపు నుంచి కూడా ఒక ప్రమాదం ఉంది. సబ్‌గ్రూపుల మధ్య తేడాని పట్టుకోవడానికి ట్రయల్స్‌కి బలం చాలదు. మొత్తం ఫలితం స్టాండర్డ్ ఎర్రర్ లాగ్ స్కేలులో 0.068. మన తేడాది 0.136, సరిగ్గా రెట్టింపు. సమాచారం దాదాపు సగంసగం పంచుకున్న రెండు గుంపులకి ఎప్పుడూ ఇంతే అవుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ రెట్టింపైందంటే, మొత్తం ఫలితమంత పెద్ద తేడాని అదే బలంతో పట్టుకోవాలన్నా నాలుగు రెట్లు రోగులు కావాలి. 4,744 మందికే ఇలా ఉంటే, 150 మందితో చేసే పీజీ థీసిస్‌లో ఇంటరాక్షన్ పి విలువ 0.4 వచ్చిందని "రెండు గుంపుల్లోనూ ప్రభావం సమానం" అని రాయడం ఎంత ప్రమాదమో మీరే ఊహించండి.

అయితే 0.009ని ఎలా తూచాలి? పి విలువకి బయట మూడు చోట్ల వెతకాలి.

మొదటిది, అదే ట్రయల్ లోపల. క్లాస్ 3 అంటే జబ్బు ముదిరినవాళ్లు. జబ్బు ముదిరినకొద్దీ మందు పని తగ్గుతుందన్నది నిజమైతే, ముదిరిన జబ్బుకి వేరే గుర్తులు తీసుకున్నా అదే కనబడాలి: ఎజెక్షన్ ఫ్రాక్షన్ బాగా తక్కువున్నవాళ్లు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఎక్కువున్నవాళ్లు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు, అంతకుముందే హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లు. డాపా-హెచ్‌ఎఫ్‌లో ఆ వరుసలు అలా చెప్పలేదు. ఆసుపత్రిలో చేరినవాళ్ల వరుసైతే ఎక్కువ ప్రయోజనం వైపే వాలింది. రోగి తన లక్షణాల గురించి తానే జవాబులిచ్చే కేసీసీక్యూ ప్రశ్నావళి ప్రకారం మూడు భాగాలు చేసి చూసినప్పుడూ అలాంటి తేడా తేలలేదు. ఎన్‌వైహెచ్‌ఏ క్లాస్ డాక్టర్ అంచనా. ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు రెండు క్లాసుల్లో వేయడం అరుదేమీ కాదు.

రెండోది, అలాంటి ఇంకో ట్రయల్. 2020లో వచ్చిన ఎంపరర్-రెడ్యూస్డ్‌లో మందు ఎంపాగ్లిఫ్లోజిన్, రోగులు దాదాపు ఇలాంటివాళ్లే. క్లాస్ 2లో 0.71 (0.59 నుంచి 0.84), క్లాస్ 3, 4లో 0.83 (0.66 నుంచి 1.04). పైన ఇచ్చిన కోడ్‌లో ఈ అంకెలు వేస్తే నిష్పత్తి 1.17, ఇంటర్వెల్ 0.88 నుంచి 1.56. దిశ అదే, కానీ తేడా తగ్గింది. రెండు ట్రయల్స్ తేడాల్నీ బరువుల ప్రకారం కలిపితే 1.30, ఇంటర్వెల్ 1.07 నుంచి 1.58. అంటే సంకేతం పూర్తిగా చెరిగిపోలేదు, కొంత తగ్గింది. ఈ తగ్గడం మామూలే. ఎన్నో వరుసల్లోంచి ఎక్కువ తేడా ఉందని ఏరిన వరుస, రెండోసారి కొలిస్తే సగటు వైపు జరుగుతుంది. సబ్‌గ్రూప్ నిజమైన విలువ కూడా సాధారణంగా అచ్చయిన 0.90 కన్నా మొత్తం ఫలితమైన 0.74 వైపే ఎక్కడో ఉంటుందని ఎదురుచూడటం తెలివైన పని. 2022లో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం దాటినవాళ్లలో డాపాగ్లిఫ్లోజిన్‌నే పరీక్షించిన డెలివర్ ట్రయల్‌లో ఈ రెండు క్లాసుల హజార్డ్ రేషియోలు దాదాపు ఒకేలా వచ్చాయి. రోగులు వేరు కాబట్టి అది తుది సాక్ష్యం కాదు, కానీ తూకంలో దానికీ చోటుంది.

మూడోది, ముందే ఎవరైనా ఊహించారా, దిశతో సహా? క్లాస్ వారీగా చూస్తామని ముందే రాసుకోవడం వేరు, క్లాస్ 3లో ప్రభావం తగ్గుతుందని ముందే చెప్పడం వేరు. ఫలితం వచ్చాక శరీరధర్మ కారణం ఎవరైనా అల్లగలరు; క్లాస్ 3లో ప్రభావం ఎక్కువ వచ్చి ఉంటే దానికీ ఒక కారణం సిద్ధంగా ఉండేది. 1996 నాటి ప్రెయిజ్ ట్రయల్‌లో ఆమ్లోడిపిన్ వల్ల, ఇస్కీమియా లేని హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో మరణాలు 46 శాతం తగ్గినట్టు సబ్‌గ్రూప్ చెప్పింది. పి విలువ చాలా చిన్నది. అలాంటి రోగులతోనే ప్రెయిజ్-2 చేశారు. ప్రయోజనం కనబడలేదు. రెండో ట్రయల్ చేసి చూసినవాళ్లు మంచి పని చేశారు. మొదటి బొమ్మ ఆధారంగానే మందు రాసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇప్పుడు రాత. రిజల్ట్స్ విభాగంలో నేనైతే ఇలా రాస్తాను:

"ముందే నిర్ణయించిన 14 సబ్‌గ్రూప్ తరగతుల్లో ప్రభావం దిశ మొత్తం ఫలితంతో ఏకీభవించింది. ఎన్‌వైహెచ్‌ఏ క్లాస్ 3, 4 రోగుల్లో సాపేక్ష ప్రయోజనం క్లాస్ 2 కన్నా తక్కువగా కనిపించింది (హజార్డ్ రేషియోలు 0.90, 0.63; వాటి నిష్పత్తి 1.43, 95 శాతం ఇంటర్వెల్ 1.09 నుంచి 1.86). ఇంటర్వెల్స్‌ని బహుళ పరీక్షలకు సవరించలేదు."

మూడు వాక్యాలే. ఏ మాట ఎందుకుందో చెబుతాను. "కనిపించింది" అన్నాను, "ఉంది" అనలేదు; తెలుగులో ఈ ఒక్క క్రియ మార్పుతో ఎంతో జాగ్రత్త వచ్చేస్తుంది. "తక్కువగా" అన్నాను, "లేదు" అనలేదు. రెండు సంఖ్యలూ 1కి ఒకే వైపు ఉన్నాయి కాబట్టి ఇది ప్రభావం పరిమాణంలో తేడా, దిశలో తేడా కాదు. "సాపేక్ష" అన్న మాట తీసేయకండి. దాని సంగతి ఇప్పుడే చెబుతాను. తేడాకి పి విలువ కన్నా ఇంటర్వెల్‌నే ముందుకు తెచ్చాను, ఎందుకంటే 1.09 నుంచి 1.86 అని చూసినవారికి తేడా చాలా చిన్నదీ కావచ్చు, చాలా పెద్దదీ కావచ్చు అని అర్థమవుతుంది. 0.009 అని ఒక్కటే చూసినవారికి అర్థం కాదు.

"సాపేక్ష" సంగతి షుగర్ వరుసల్లో బాగా తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో హజార్డ్ రేషియో 0.75, లేనివాళ్లలో 0.73. నిష్పత్తిలో తేడా లేనట్టే. కానీ వందమందికి లెక్కేస్తే షుగర్ ఉన్నవాళ్లలో 25.5 నుంచి 20.0కి తగ్గింది, అంటే 5.5. లేనివాళ్లలో 17.7 నుంచి 13.2కి, అంటే 4.5. షుగర్ ఉన్నవాళ్లకి మొదటినుంచీ ప్రమాదం ఎక్కువ కాబట్టి, అదే నిష్పత్తి వాళ్లకి ఎక్కువమందిని కాపాడింది. మొదటినుంచీ ఉన్న ప్రమాదం వేరువేరుగా ఉన్నప్పుడు, మందు పనిచేస్తుంటే, ఒక స్కేలులో తేడా లేకపోతే ఇంకో స్కేలులో తప్పక కొంత ఉంటుంది. అందుకని ఏ స్కేలులో మాట్లాడుతున్నారో వాక్యంలోనే చెప్పండి. ఎన్‌వైహెచ్‌ఏ వరుసల్లో క్లాస్ 2లో 18.1 నుంచి 11.8కి, క్లాస్ 3, 4లో 27.5 నుంచి 25.6కి తగ్గింది, ఇక్కడ రెండు స్కేళ్లూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి, అది కూడా రాయదగిన విషయమే.

డిస్కషన్‌లో వాక్యం ఇలా ఉండొచ్చు: "క్లాస్ 3, 4 రోగుల్లో ప్రయోజనం తక్కువగా కనిపించడానికి కారణం యాదృచ్ఛికత కావచ్చు, జబ్బు తీవ్రతను సూచించే ఇతర సబ్‌గ్రూపుల్లో ఇలాంటి ధోరణి లేదు. ఈ ఫలితాన్ని ఇతర ట్రయల్స్ సమాచారంతో కలిపి పరిశీలించాలి." ట్రయల్ రచయితలు కూడా తమ వ్యాసంలో దాదాపు ఇదే పద్ధతి పాటించారు: తేడా కనిపించిందని దాచకుండా చెప్పారు, తీవ్రతను చూపే మిగతా సబ్‌గ్రూపులు దానితో ఏకీభవించలేదనీ చెప్పారు. 2020 మేలో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుని హార్ట్ ఫెయిల్యూర్‌కి అనుమతించినప్పుడు క్లాస్ 2 నుంచి 4 వరకు అందరికీ ఇచ్చింది. గీత 1 దాటిందన్న ఒక్క కారణంతో క్లాస్ 3ని తీసేయలేదు.

అబ్‌స్ట్రాక్ట్‌లో, కన్‌క్లూజన్‌లో మాత్రం ఈ సంగతి రాయను. చోటు లేక కాదు. అబ్‌స్ట్రాక్ట్‌లో "తక్కువగా కనిపించింది" అన్న మాట, తర్వాత ఎవరి స్లయిడ్‌లోనో "పనిచేయదు" అయిపోతుంది. జాగ్రత్త మాటలన్నీ దారిలో రాలిపోతాయి, సంఖ్య ఒక్కటే మిగులుతుంది.

ఒకరిద్దరి ప్రశ్నలు తీసుకుంటాను.

*ప్రశ్న: సార్, వయసు లాంటి వాటిని 65 దగ్గర కోస్తాం కదా. రివ్యూయర్ 70 దగ్గర కొయ్యమంటే ఫలితం మారిపోతోంది. ఏది పెట్టాలి?*

ప్రోటోకాల్‌లో ఏది రాసుకున్నారో అదే బొమ్మలో పెట్టండి. కోత మారితే ఫలితం మారుతోందంటే, అది కోత గురించిన సమాచారమే తప్ప వయసు గురించినది కాదు. వయసుని ముక్కలు చేయకుండా అంకెగానే ఇంటరాక్షన్‌లో పెట్టి, వయసు పెరిగేకొద్దీ హజార్డ్ రేషియో ఎలా మారుతోందో ఒక వక్రరేఖగా, దాని చుట్టూ ఇంటర్వెల్ పట్టీతో అనుబంధంలో ఇవ్వండి. 64 ఏళ్లవాళ్లకి ఒక మందు, 65 ఏళ్లవాళ్లకి వేరే మందు అన్నట్టు శరీరం నడవదు. 70 దగ్గర కోసిన ఫలితాన్ని కూడా ఇవ్వాల్సి వస్తే, అది రివ్యూయర్ సూచన మీద తర్వాత చేసినదని దాని పక్కనే రాయండి.

*ప్రశ్న: మేడమ్ వాళ్లు మా థీసిస్‌లో ఇంటరాక్షన్ పి విలువ 0.30 వచ్చిందని "సబ్‌గ్రూపుల మధ్య తేడా లేదు" అని రాయమన్నారు. అలా రాయొచ్చా అండీ?*

రాయకండి. "తేడా ఉందనడానికి తగిన ఆధారం దొరకలేదు" అని రాయండి, వెంటనే నిష్పత్తినీ ఇంటర్వెల్‌నీ ఇవ్వండి. ఎంపరర్ అంకెలు గుర్తున్నాయి కదా, అక్కడ పి విలువ సుమారు 0.29. ఇంటర్వెల్ 0.88 నుంచి 1.56. అందులో 1 ఉంది, నిజమే. డాపా-హెచ్‌ఎఫ్‌లో వచ్చిన 1.43 కూడా అందులోనే ఉంది. తేడా లేదని ఆ ట్రయల్ చెప్పలేదు. తేడా ఎంతవరకు ఉండొచ్చో హద్దులు చెప్పింది. మీ థీసిస్‌లో ఆ హద్దులు 0.3 నుంచి 4 వరకు వస్తే, అవే రాయండి. పరీక్షకులకి ఆ రెండు అంకెలు చూడగానే మీ నమూనా ఎంత చెప్పగలదో, ఎంత చెప్పలేదో తెలిసిపోతుంది.